నుక్తాలు చెదరకుండా వీడియో బరువు తగ్గించడం

అరబీ అక్షరమాలలో తా, సా అనే రెండు అక్షరాల ఆకారం ఒక్కటే. తా పైన రెండు నుక్తాలుంటాయి, సా పైన మూడు. ఆ ఒక్క నుక్తాతోనే అక్షరమూ ఉచ్చారణా మారిపోతాయి. మా ఆపా విదేశంలో ఉన్న తన మనవల కోసం కంప్యూటర్‌లో ఖాయిదా పేజీలను సిద్ధం చేసుకుని, తెరపై ఒక్కొక్క అక్షరాన్నీ చూపుతూ, పలుకుతూ పన్నెండు నిమిషాల పాఠాన్ని రికార్డు చేసింది. వీడియో 340 ఎం.బి. అయింది. అంత బరువైనదాన్ని పంపలేక, ఫోన్‌లోని ఒక యాప్ ద్వారా 18 ఎం.బి.కి కుదించి వాట్సాప్‌లో పంపాము. నాలుగు రోజుల తరువాత పిల్లవాడు పాఠం అప్పగిస్తూ, సా ఉన్న చోటల్లా తా అని చదివాడు. ఆపా కోప్పడింది. మేము ఆ వీడియోను తెరచి చూస్తే సా పైన మూడు నుక్తాలు లేవు. ఒక నల్లని మరక ఉంది. తప్పు పిల్లవాడిది కాదు, మా కుదింపుది.

ఎక్కడ పొరపాటు జరిగిందో వెదికి చూశాము. తెరపై బొమ్మ అంతా చిన్న చిన్న గడులతో ఏర్పడుతుంది. వాటినే పిక్సెల్స్ అంటారు. అసలు వీడియో 1920 గడుల వెడల్పు, 1080 గడుల ఎత్తు ఉంది. అందులో ఒక్కొక్క నుక్తా సుమారు ఆరు గడులు, రెండు నుక్తాల మధ్య ఖాళీ మూడు గడులు. మేము వాడిన యాప్ వీడియోను 640, 360 గడులకు దించింది. అంటే అన్నీ మూడో వంతయ్యాయి. నుక్తా రెండు గడులైంది, మధ్య ఖాళీ ఒక్క గడి మిగిలింది. కుదింపులో సూక్ష్మమైన వివరాలే ముందుగా పోతాయి కనుక ఆ ఒక్క గడి కూడా నిలవలేదు. తెలుగు అక్షరాలకూ ఇదే గతి పడుతుంది. 'ద', 'ధ'ల మధ్య తేడా చూపే వత్తు గీత అంత సన్ననిదే.

అయితే గడులను తగ్గించకుండా బరువును తగ్గించడం ఎలా? వీడియో అంటే సెకనుకు ఇన్ని చొప్పున వరుసగా వచ్చే బొమ్మలు. కుదింపు పద్ధతి ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచదు. ముందు బొమ్మకూ ఈ బొమ్మకూ ఉన్న తేడాను మాత్రమే దాస్తుంది. పాఠం పేజీ అర నిమిషం కదలకుండా నిలిచి ఉంటే, మొదటి బొమ్మకు తప్ప తక్కిన వాటికి దాచవలసినది దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి నిశ్చలమైన పేజీకి గడులు ఎక్కువగా ఉన్నా అయ్యే ఖర్చు స్వల్పమే. ఎక్కువ యాప్‌లు ముందుగా గడులనే కోస్తాయి. అది పరుగు పందెం వీడియోకు సరిపోవచ్చు గాని, అక్షరాల పాఠానికి సరిపోదు. మనం కోయవలసినవి సెకనుకు వచ్చే బొమ్మల సంఖ్య, ధ్వని బరువు.

రెండోసారి మేము కంప్యూటర్‌లో HandBrake అనే ఉచిత ప్రోగ్రామును వాడాము. అసలు ఫైలును అందులో తెరచి, Presets జాబితాలో Fast 720p30 ఎంచుకున్నాము. దీనితో వీడియో ఎత్తు 720 గడులకు వస్తుంది. నుక్తా నాలుగు గడులు, ఖాళీ రెండు గడులుగా నిలుస్తాయి. తరువాత Video భాగంలోకి వెళ్ళి Framerate వద్ద 30కి బదులు 10 పెట్టాము. పేజీ తిరగడం, చూపుడు గుర్తు కదలడం తప్ప మరే చలనమూ లేని పాఠానికి సెకనుకు పది బొమ్మలు చాలు. అక్కడే Constant Quality కింద RF అనే అంకె ఉంటుంది. అది పెరిగే కొద్దీ ఫైలు చిన్నదవుతుంది, స్పష్టత తగ్గుతుంది. మేము 26 వద్ద ఉంచాము. చివరగా Audio భాగంలో Mixdown వద్ద Mono ఎంచుకుని, Bitrate 64 పెట్టాము. ఒక్కరు పలికే పాఠానికి రెండు వైపుల ధ్వని అవసరం లేదు.

ధ్వని లెక్క తేలిక. సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున పన్నెండు నిమిషాలకు, అనగా 720 సెకనులకు, 46,080 కిలోబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 5,760 కిలోబైట్లు, అంటే ఆరు ఎం.బి.కి కాస్త తక్కువ. Start Encode నొక్కిన తరువాత మాకు వచ్చిన మొత్తం ఫైలు 15 ఎం.బి. మొదటి చెడిన ఫైలుకన్నా ఇది చిన్నది. అయినా మూడు నుక్తాలూ మూడుగానే కనిపించాయి.

ఒక్క పేజీ మాత్రం అప్పటికీ మసకగానే మిగిలింది. ఆపా దానిలో పిల్లలకు ఇంపుగా ఉంటుందని ఆకుపచ్చ నేపథ్యంపై ఎర్రని నుక్తాలు పెట్టింది. సాధారణ వీడియోలలో వెలుగు నీడలు ప్రతి గడికీ విడిగా నమోదవుతాయి. రంగు మాత్రం నాలుగు గడులకు కలిపి ఒకటే నమోదవుతుంది. ఎరుపు, ఆకుపచ్చల కాంతి ఇంచుమించు సమానమైనప్పుడు వాటిని వేరుచేసేది రంగు ఒక్కటే కనుక అంచులు చెదిరిపోతాయి. RF అంకెను ఎంత తగ్గించినా ఈ లోపం పూర్తిగా తీరదు. ఆ పేజీని తెల్లని నేపథ్యంపై నల్లని అక్షరాలతో మార్చి, ఆ భాగాన్ని మళ్ళీ రికార్డు చేయవలసి వచ్చింది.

పంపే పద్ధతిలో మరొక చిక్కు ఉంది. వాట్సాప్‌లో గ్యాలరీ నుంచి వీడియోగా పంపితే, ఆ యాప్ దానిని తన కొలతల ప్రకారం మరొకసారి కుదించవచ్చు. మన శ్రమ వృథా అవుతుంది. అందుకే అటాచ్ గుర్తు నొక్కి, Document ఎంచుకుని, అదే ఫైలును పంపాము. అలా పంపినది మార్పు లేకుండా చేరుతుంది.

పంపే ముందు పరీక్షించుకోవడానికి పాఠమంతా కుదించనవసరం లేదు. HandBrakeలో Range వద్ద Seconds ఎంచుకుని, అతి చిన్న అక్షరాలున్న ముప్పై సెకనుల భాగాన్ని మాత్రమే కుదించి, ఇంట్లో ఉన్న చిన్న ఫోన్‌లో చూడండి. పేజీ మారిన వెంటనే వీడియోను ఆపండి. అక్షరాలు మొదట మసకగా వచ్చి, రెండు మూడు సెకనులకు తేటపడుతున్నాయంటే RF ఎక్కువైందన్నమాట. దానిని రెండు అంకెలు తగ్గించి చూడండి. ఆగిన క్షణంలోనే నుక్తాలను లెక్కించగలిగితే ఆ అంకె చాలు.

ఈ పద్ధతి నిశ్చలమైన పేజీలకే పరిమితం. పుస్తకాన్ని చేత్తో పట్టిన ఫోన్‌తో చిత్రిస్తే చేయి వణుకు వల్ల ప్రతి బొమ్మా ముందుదానితో వేరుపడుతుంది. మసక వెలుతురులో పుట్టే రవ్వలూ అంతే. అప్పుడు ఇవే అంకెలతో ఫైలు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఫోన్‌ను స్టాండుకు బిగించి, పుస్తకాన్ని కిటికీ వెలుగులో ఉంచితే ఆ బరువులో చాలా భాగం తగ్గిపోతుంది.

కొత్త ఫైలు చేరిన మర్నాడు పిల్లవాడు మళ్ళీ పాఠం అప్పగించాడు. ఈసారి సా దగ్గర ఆగి, "నానీ, దీని మీద మూడున్నాయి" అన్నాడు.