మే నెలలో కేబుల్ ఎంత పొడవు?

2023లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండుచోట్లా ఐటీ టవర్లు తెరిచారు. ఇలాంటి ఊళ్లలో కొత్త భవనం కట్టేవాళ్లు నెట్‌వర్క్ వైరింగ్ గీసేటప్పుడు ముందుగా లెక్కలోకి తీసుకోవాల్సింది వేసవిని.

రాగి తీగల జతలను మెలిపెట్టి చేసే క్యాట్ 6 కేబుల్‌ను ర్యాక్ నుంచి గోడలోని సాకెట్ దాకా 90 మీటర్ల వరకు వేయొచ్చని అందరికీ తెలుసు. ఆ 90 మీటర్లు 20 డిగ్రీల వేడి దగ్గర చెప్పిన మాట. వేడి పెరిగేకొద్దీ రాగిలో సిగ్నల్ ఎక్కువగా నష్టపోతుంది. షీల్డ్ లేని కేబుల్‌కు 40 డిగ్రీల వద్ద 84 మీటర్లు, 50 వద్ద 79.5, 60 వద్ద 75 మీటర్లే హద్దు. బయట 44 డిగ్రీలున్న మధ్యాహ్నం పైఅంతస్తు స్లాబ్‌కూ ఫాల్స్ సీలింగ్‌కూ మధ్య 50 డిగ్రీలు ఉండటం పెద్ద విశేషమేమీ కాదు. అదే కేబుల్‌లో కెమెరాలకు కరెంటు కూడా పంపిస్తే, కట్టల మధ్యలో ఉన్న తీగలు ఇంకా వేడెక్కుతాయి.

ఒక లెక్క చూద్దాం. మూడంతస్తుల భవనంలో ర్యాక్ ఒక మూల, చివరి గది ఇంకో మూల, మధ్యలో 82 మీటర్ల కేబుల్. జనవరిలో 25 డిగ్రీల దగ్గర పరీక్షిస్తే, 250 మెగాహెర్ట్జ్ వద్ద నష్టం 28.3 డెసిబెల్ వచ్చిందనుకుందాం. హద్దు 31.1. మీటర్ తెర మీద PASS పడుతుంది, కాంట్రాక్టరుకు బిల్లు పాసవుతుంది. 40 డిగ్రీల వరకు డిగ్రీకి 0.4 శాతం, ఆపైన 0.6 శాతం చొప్పున నష్టం పెరుగుతుంది కాబట్టి, 50 డిగ్రీలకు అది దాదాపు 31.6 అవుతుంది, అంటే హద్దు దాటినట్టే. ఒక గిగాబిట్ వేగం అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీలను వాడదు గనుక లైను వెంటనే తెగిపోదు. కానీ క్యాట్ 6 అని డబ్బు కట్టి కొన్న హామీ మాత్రం పోయింది.

క్యాట్ 6ఏ వేస్తే చాలదా అని అడుగుతారు. పది గిగాబిట్లు కావాలంటే అదే సరైనది. మామూలు క్యాట్ 6 మీద ఆ వేగం 55 మీటర్లకు మించి నమ్మలేం. అయితే వేడికి పొడవు తగ్గడమన్నది షీల్డ్ లేని 6ఏకీ వర్తిస్తుంది. అందుకే రెండో మూలన చిన్న ర్యాక్ పెట్టి, రెండు ర్యాకుల మధ్య సింగిల్ మోడ్ ఫైబర్ వేయమంటాను. గాజుకు ఈ వేడి లెక్కలోకి రాదు. రెండు బ్లాకుల మధ్య వేస్తే పిడుగు పడినప్పుడు వచ్చే కరెంటు తాకిడి కూడా గాజు గుండా పరికరాలకు చేరదు. గదుల్లోకి మాత్రం రాగే వెళ్లాలి, ఫైబర్ కెమెరాకు కరెంటు ఇవ్వలేదు.

పరీక్షకు దీపాలు వెలిగే చిన్న టెస్టర్ చాలదు. అది తీగ ఈ చివర నుంచి ఆ చివరకు అందిందా అనే చెబుతుంది. ఒక జతలోని తీగను ఇంకో జతతో కలిపి బిగించినా రెండు చివర్లా ఒకేలా ఉంటే దానికి తప్పు కనిపించదు. సర్టిఫయర్ మీటర్ దాన్ని NEXT వద్ద పట్టేస్తుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ వేసి ఉంటే తీగ నిరోధం ఎక్కువగా చూపిస్తుంది. రిపోర్టులో PASS ఒక్కటే చూడకుండా ప్రతి లింకుకూ పొడవు, మిగిలిన మార్జిన్, పరీక్షించిన తేదీ అడగండి. చలికాలపు రిపోర్టు అయితే 80 మీటర్లు దాటిన లింకుల మీద పై లెక్క వేసి చూడండి.

ఫైబర్‌కు నష్టాన్ని ముందే లెక్కగట్టాలి. 120 మీటర్ల లింకులో రెండు కనెక్టర్లకు 0.75 చొప్పున 1.5, గాజుకు దాదాపు 0.1, మొత్తం 1.6 డెసిబెల్. లైట్ సోర్స్, పవర్ మీటర్‌తో కొలిస్తే అంతకన్నా ఎక్కువ వచ్చిందా, ముందు కనెక్టర్ మొనను మైక్రోస్కోప్‌లో చూడండి. సిమెంటు పని ఇంకా సాగుతున్న భవనంలో దుమ్మే మొదటి అనుమానితుడు.