చనిపోయిన దోస్తు కలలోకొచ్చి ‘ఎందుకు రాలేదురా’ అంటే...

కలలో వాడు మామూలుగానే ఉంటాడు. అదే చొక్కా, అదే నవ్వు, అదే బైకు. చనిపోయాడన్న సంగతి కలలో మీకు గుర్తుండదు. ఒక్కోసారి గుర్తున్నా, ‘అరె, ఇంతకాలం ఎక్కడికి పోయావ్?’ అని అడగాలనిపిస్తుంది. మెలకువ వచ్చాక మొదటి రెండు మూడు సెకన్లు బాగానే ఉంటుంది. ఆ తర్వాత అసలు విషయం గుర్తొస్తుంది. ఆ క్షణంలో వాడు మళ్లీ చనిపోయినట్టే ఉంటుంది.

ఇరవై ఏళ్లకో, ఇరవై రెండేళ్లకో దోస్తును పోగొట్టుకున్నవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన అనుభవమే. కానీ బయటికి చెప్పరు. చెబితే ఇంట్లో భయపడతారని ఒక బెంగ. ‘వాడు నిన్ను పిలుస్తున్నాడేమో’ అంటారని ఇంకో బెంగ.

సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే దారిలో మునగాల హైవే మీదే ఉంటుంది. హైదరాబాద్-విజయవాడ రోడ్డు పక్కన ఊళ్లున్నవాళ్లకు యాక్సిడెంట్ వార్త కొత్త కాదు. 2022 నవంబరులో మునగాల దగ్గర అయ్యప్ప పూజకు వెళ్లి వస్తున్నవాళ్ల ట్రాక్టర్‌ను లారీ ఢీకొని ఐదుగురు చనిపోయారు. అదే ట్రాక్టర్‌లో ఉన్న ఇంకెందరో గాయాలతో బయటపడ్డారు. ఇలాంటి ప్రమాదం తర్వాత పేపర్లు చనిపోయినవాళ్ల గురించి రాస్తాయి. బతికి బయటపడ్డవాళ్ల రాత్రుల గురించి ఎవరూ రాయరు.

తెల్లవారుజామునే ఎందుకు?

‘తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుంది’ అని మన పెద్దలంటారు. నిజమయ్యే సంగతి పక్కన పెడితే, ఆ వేళకు కలలు ఎక్కువగా రావడానికి మాత్రం కారణం ఉంది. మన నిద్ర సుమారు గంటన్నరకోసారి ఒక చుట్టు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ కనురెప్పల కింద కళ్లు గబగబా కదిలే దశ ఒకటి వస్తుంది. దాన్నే ఆర్‌ఈఎమ్ నిద్ర అంటారు. కథలా సాగే గాఢమైన కలలు ఎక్కువగా ఈ దశలోనివే. రాత్రి మొదట్లో ఇది కొన్ని నిమిషాలే ఉంటుంది, తెల్లవారేకొద్దీ పొడవవుతుంది. అందుకే నాలుగింటికో ఐదింటికో వచ్చిన కల పొడవుగా ఉంటుంది. వెంటనే మెలకువ వస్తుంది కాబట్టి గుర్తూ ఉంటుంది.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. కల రాకుండా ఉండాలని కొందరు కుర్రాళ్లు మందు తాగి పడుకుంటారు. మందు రాత్రి మొదటి సగంలో ఆర్‌ఈఎమ్ నిద్రను అణచిపెడుతుంది. దాని ప్రభావం దిగిపోయాక, రెండో సగంలో ఆ నిద్ర బాకీ తీర్చుకున్నట్టు తిరిగొస్తుంది. అంటే తప్పించుకుందామనుకున్న కలే మూడింటికి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

రెండు రకాల కలలు

చనిపోయినవాళ్లు కనిపించే కలల మీద హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డీర్‌డ్రె బారెట్ 1992లో ఒక పరిశీలన ప్రచురించారు. పోయినవాళ్లు మళ్లీ బతికొచ్చినట్టు, ఏదో మాట చెప్పినట్టు, వీడ్కోలు తీసుకున్నట్టు వచ్చే కలల్ని ఆమె విడివిడిగా గుర్తించారు. అంటే దోస్తు కలలోకి రావడం జబ్బు కాదు. పిచ్చి అంతకన్నా కాదు.

మన అవసరానికి వీటిని రెండు రకాలుగా చూస్తే చాలు. ఒకటి, చూసిపోయే కల. వాడు వస్తాడు, నవ్వుతాడు, వెళ్లిపోతాడు. లేచాక ఏడుపొస్తుంది కానీ గుండె తేలికవుతుంది. ఇలాంటి కల వచ్చాక ఇంట్లోవాళ్లు వాడికిష్టమైనది వండి నలుగురికి పెడితే పెట్టనివ్వండి, తప్పేం లేదు.

రెండోది, నిలదీసే కల. వాడు రోడ్డు మీద నిలబడి పిలుస్తుంటాడు, మీ కాళ్లు కదలవు. ఫోన్ మోగుతుంటుంది, చెయ్యి లేవదు. ‘ఎందుకు రాలేదురా’ అంటాడు, జవాబు రాదు. ఇదే కల కొద్ది మార్పులతో మళ్లీ మళ్లీ వస్తుంది. పట్టించుకోవాల్సింది దీన్ని.

అడిగేది వాడు కాదు

ఈ రెండో కల వెనుక ఉన్నదాన్ని సర్వైవర్ గిల్ట్ అంటారు. వాడు పోయి నేను మిగిలినందుకు కలిగే తప్పుచేసిన భావన అది. నాజీ క్యాంపుల నుంచి బతికి బయటపడ్డవాళ్లకు అమెరికాలో వైద్యం చేసిన విలియం నీడర్‌లాండ్ అనే సైకియాట్రిస్టు 1960ల్లో దీన్ని వివరంగా రాశారు. వాళ్లెవరూ ఏ తప్పూ చేయలేదు. అయినా బతికినందుకే సిగ్గుపడ్డారు, పీడకలలతో లేచారు.

మనకు దగ్గరి ఉదాహరణ 2014 జూన్ 8న జరిగింది. హైదరాబాద్ నుంచి టూర్‌కు వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు హిమాచల్‌లోని బియాస్ నదిలో ఫొటోలు దిగుతుండగా, డ్యామ్ నుంచి వదిలిన నీళ్లు ఒక్కసారిగా ముంచెత్తాయి. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. నదిలోకి దిగినవాళ్లకూ గట్టున ఆగినవాళ్లకూ మధ్య తేడా కొన్ని అడుగులే. అక్కడ ఎవరి తెలివీ లేదు, ఎవరి మంచితనమూ లేదు. కానీ ‘ఊరికే అలా జరిగింది’ అన్న మాటను మనసు ఒప్పుకోదు. దానికి కారణం కావాలి. బయట దొరక్కపోతే లోపల వెతుక్కుంటుంది: ‘నేను ఒక్క మాట అని ఉంటే...’

కాబట్టి కలలో వాడి నోటి నుంచి వచ్చే ప్రశ్న నిజానికి మీదే. పగలంతా మీరు లోపల దాచుకున్నదాన్నే కల వాడి గొంతుతో వినిపిస్తోంది.

ఒక కథ అనుకుందాం

ఇది ఏ ఒక్కరి కథా కాదు, అర్థం కావడానికి అల్లుకున్నది. మునగాలలో ఇద్దరు దోస్తులు. కోదాడలో చదువు. ఒక రాత్రి సూర్యాపేటలో పెళ్లికి వెళ్దామని ఒకడు ఫోన్ చేశాడు. ‘రేపు పరీక్ష ఉంది, నువ్వు పోయిరా’ అన్నాడు రెండోవాడు. తర్వాత మళ్లీ ఫోన్ వస్తే చూడలేదు. తిరుగు ప్రయాణంలో రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీని బైకు గుద్దుకుంది.

ఏడు నెలలైంది. వారంలో మూడు నాలుగు రాత్రులు అదే కల. ఫోన్ మోగుతుంటుంది, ఎత్తలేడు. నాలుగున్నరకు లేచి మళ్లీ పడుకోడు. నిద్రంటే భయమేసి రెండింటిదాకా రీల్స్ చూస్తాడు. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో ఉద్యోగం వచ్చినా స్వీట్లు పంచలేదు.

కౌన్సెలర్ దగ్గరికి వెళితే సాధారణంగా రెండు పనులు చేయిస్తారు. మొదటిది కాగితం మీద. ఒక గుండ్రటి రొట్టె గీసి, ఆ ప్రమాదానికి కారణాలన్నీ రాసి, ఒక్కోదానికి ఒక్కో ముక్క ఇవ్వాలి. లైట్లు లేని లారీ, చీకటి, పెట్టుకోని హెల్మెట్, నిద్రమత్తు, అంత రాత్రి బయల్దేరాలన్న వాడి నిర్ణయం. మీ వంతు చివరన రాయాలి. ముందే రాస్తే రొట్టె మొత్తం మీరే తీసేసుకుంటారు. చివరికి మిగిలే ముక్క సన్నగా ఉంటుంది. పైగా, పరీక్ష ఉందని చెప్పినప్పుడు మీకు తెలిసింది పరీక్ష సంగతే, లారీ సంగతి కాదు. తర్వాత తెలిసినదానితో ముందటి మాటను కొలుస్తున్నామని అప్పుడు కనిపిస్తుంది.

రెండో పని కల మీదే. దీన్ని ఇమేజరీ రిహార్సల్ అంటారు. పగటిపూట కూర్చుని ఆ కలను ఇప్పుడే జరుగుతున్నట్టు రాయాలి. తర్వాత దాన్ని మీకు నచ్చినట్టు మార్చాలి. వాణ్ని బతికించాలని రూలేం లేదు. మన కుర్రాడు ఇలా మార్చుకున్నాడనుకుందాం: ఫోన్ మోగుతుంది, ఎత్తుతాడు. ఇద్దరూ బస్టాండ్ దగ్గర చాయ్ తాగుతారు. ‘ఆ రోజు రాలేకపోయిన్రా’ అంటాడు. వాడు ‘సరే తియ్యి’ అని బైకు స్టార్ట్ చేస్తాడు. అంతే. పాత కలను పక్కన పెట్టి, ఈ కొత్తదాన్ని రోజూ పది ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని మనసులో చూసుకోవాలి. ఇలా కొన్ని వారాలు చేయాలి.

ఇది గాలిలోంచి పుట్టిన చిట్కా కాదు. లైంగిక దాడికి గురై పీడకలలతో బాధపడుతున్న 168 మంది మహిళలతో బ్యారీ క్రాకో బృందం చేసిన పరీక్ష 2001లో ‘జామా’ వైద్య పత్రికలో వచ్చింది. ఈ సాధన చేసినవాళ్లకు పీడకలలు తగ్గాయి, నిద్ర మెరుగైంది. అయితే అది దోస్తును పోగొట్టుకున్నవాళ్ల మీద చేసిన పరీక్ష కాదు. అందరికీ ఒకేలా పనిచేస్తుందనీ చెప్పలేం. ప్రమాదాన్ని కళ్లారా చూసినవాళ్లు, కల రాస్తుంటేనే వణుకు పుట్టేవాళ్లు దీన్ని ఒంటరిగా మొదలుపెట్టకూడదు. సైకాలజిస్టు పక్కన ఉండాలి.

ఎప్పుడు ఆగకూడదు

ఆరు నెలలు దాటినా దుఃఖం మొదటి వారంలో ఉన్నట్టే ఉండి, చదువూ పనీ సాగకపోతే డాక్టర్‌ను కలవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో దీర్ఘకాలిక దుఃఖానికి పెట్టిన కనీస గడువు కూడా ఆరు నెలలే. కలలో వాడు ‘రా’ అంటే వెళ్లిపోవాలనిపిస్తున్నా, ‘నేనూ పోయుంటే బాగుండేది’ అన్న ఆలోచన పగలు కూడా వస్తున్నా మాత్రం ఏ గడువూ చూడొద్దు. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి. టెలీ మానస్ నంబర్ 14416 రాత్రీపగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇంకో మాట. చాలామంది ప్రమాదం తర్వాత దోస్తు ఇంటి గడప తొక్కరు. ‘వాళ్లమ్మ మొహం ఎట్ల చూడాలె’ అనుకుంటారు. మీరు రాకపోతే, కొడుకుతో పాటు కొడుకు దోస్తులూ పోయినట్టు ఆ ఇంటికి అనిపించవచ్చు. ముందు ఇంట్లోవాళ్లెవరితోనైనా మాట్లాడి, ఆమెకు ఓపికున్న రోజు చూసుకుని వెళ్లండి. కల సంగతి చెప్పాలనిపిస్తే చెప్పండి. బహుశా ఆమె ముందు అడిగేది ఒక్కటే: ‘కలలో బాగున్నాడా బిడ్డా?’