ఎడమ పేజీ ఒకటి, కుడి పేజీ ఒకటి చెబితే?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. వర్క్‌షీట్లూ అలాగే వస్తుంటాయి. ఒక్కోసారి రెండూ పొసగవు.

ఉదాహరణకు ఇంగ్లీషులో ‘డయామీటర్ 14 సెం.మీ.’ అని, తెలుగులో ‘వ్యాసార్థం 14 సెం.మీ.’ అని ఉందనుకుందాం. మొదటిదైతే వృత్త వైశాల్యం 154 చదరపు సెంటీమీటర్లు, రెండోదైతే 616. ఇచ్చిన జవాబుల్లో రెండూ ఉంటే వాటిని చూసి తేల్చలేం. బొమ్మ చూడాలి. గీత కేంద్రం మీదుగా ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంటే అది వ్యాసమే, తప్పు తెలుగు వైపు జరిగినట్టు.

బొమ్మ లేకపోతే టీచర్ని అడగాలి. అడిగే వీలు లేకపోతే ‘వ్యాసం 14 అనుకొని చేశాను’ అని మొదటి వరుసలో రాసి లెక్క చేయాలి. చోటుంటే రెండో జవాబూ విడిగా రాయొచ్చు. దిద్దేవారికి పిల్లవాడు ఏది చదివాడో తెలుస్తుంది.

పోటీ పరీక్షల్లో ఈ వెసులుబాటు ఉండదు. నీట్‌లో అనువాదంపై అనుమానం వస్తే ఇంగ్లీషు ప్రశ్నే ప్రామాణికం. తెలుగులో రాసేవారు కూడా అంకెలు, యూనిట్లు, ‘కాదు’ అనే మాట ఉన్నచోట ఇంగ్లీషు వైపు ఓసారి సరిచూసుకోవాలి.