ఆర్‌ఓఈ 30 శాతం... ఎక్కణ్నుంచి వచ్చింది?

మణికొండ పీజీల్లో ఉంటూ నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కంపెనీల్లో ఫైనాన్స్ అనలిస్ట్ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్న బీకామ్, ఎంబీఏ అభ్యర్థులకు ఇంటర్వ్యూలో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది: ‘రెండు కంపెనీల రిటర్న్ ఆన్ ఈక్విటీ ఒకటే. ఏది మెరుగు?’ చాలామంది ఆర్‌ఓఈ నిర్వచనం చెప్పి ఆగిపోతారు. నికర లాభాన్ని ఈక్విటీతో, అంటే యజమానుల సొంత పెట్టుబడితో భాగిస్తే వచ్చేది ఆర్‌ఓఈ. అది అందరికీ తెలిసిందే. ఇంటర్వ్యూ చేసేవారికి కావాల్సింది ఆ తర్వాతి మెట్టు.

ఆ మెట్టు పేరు డ్యూపాంట్ విశ్లేషణ. అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో డొనాల్డ్‌సన్ బ్రౌన్ అనే ఉద్యోగి 1910 దశకంలో దీనికి పునాది వేశాడు. ఆయన చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. కాబట్టి బీటెక్ అభ్యర్థులు ఇది మనది కాదని పక్కన పెట్టనక్కర్లేదు. సూత్రం ఇదీ:

ఆర్‌ఓఈ = (నికర లాభం ÷ అమ్మకాలు) × (అమ్మకాలు ÷ ఆస్తులు) × (ఆస్తులు ÷ ఈక్విటీ)

మొదటిది మార్జిన్: రూపాయి అమ్మితే ఎంత మిగిలింది? రెండోది అసెట్ టర్నోవర్: రూపాయి ఆస్తితో ఏడాదికి ఎన్ని రూపాయల వ్యాపారం జరిగింది? మూడోది లెవరేజ్: సొంత రూపాయికి ఎన్ని రూపాయల ఆస్తి నడుస్తోంది? అది ఒకటి కంటే ఎంత ఎక్కువైతే అప్పులు, బాకీలు అంత ఎక్కువన్నమాట.

టిఫిన్ సెంటర్, పీజీ హాస్టల్

మణికొండలోనే ఒక టిఫిన్ సెంటర్, ఒక పీజీ హాస్టల్ ఉన్నాయనుకుందాం. టిఫిన్ సెంటర్ యజమాని సొంతంగా రూ.10 లక్షలు పెట్టాడు, అప్పు లేదు. ఏడాది అమ్మకాలు రూ.60 లక్షలు, లాభం రూ.3 లక్షలు. మార్జిన్ 5 శాతం, టర్నోవర్ 6, లెవరేజ్ 1. గుణిస్తే ఆర్‌ఓఈ 30 శాతం.

హాస్టల్ యజమాని అద్దె భవనానికి అడ్వాన్సు, మంచాలు, ఏసీలు, లిఫ్టు కలిపి రూ.కోటి పెట్టాడు. అందులో సొంతం రూ.40 లక్షలు, మిగతాది బ్యాంకు అప్పు. ఏడాది అమ్మకాలు ఇక్కడా రూ.60 లక్షలే, లాభం రూ.12 లక్షలు. మార్జిన్ 20 శాతం, టర్నోవర్ 0.6, లెవరేజ్ 2.5. ఆర్‌ఓఈ మళ్లీ 30 శాతమే!

అంకె ఒకటే అయినా దెబ్బ తగిలే చోటు వేరు. టిఫిన్ సెంటర్ ఖర్చు రూ.57 లక్షలు. వంటనూనె, మినప్పప్పు ధరలు పెరిగి ఆ ఖర్చు 5 శాతం ఎక్కువైతే మిగిలేది రూ.15 వేలే. హాస్టల్ కష్టం అలాంటిది కాదు. 2020లో ఐటీ ఉద్యోగులు ఇళ్లకు వెళ్లిపోయినప్పుడు గదులు ఖాళీ అయ్యాయి కదా, అలాంటి ఏడాదిలో అమ్మకాలు పావు వంతు తగ్గి రూ.45 లక్షలయ్యాయనుకోండి. రూ.48 లక్షల ఖర్చులో భోజనాల్లాంటివి రూ.16 లక్షలే, అవి రూ.12 లక్షలకు తగ్గుతాయి. అద్దె, వడ్డీ, జీతాలు మాత్రం తగ్గవు. మిగిలే లాభం రూ.లక్ష, ఆర్‌ఓఈ 2.5 శాతం. కాబట్టి ‘ఏది మెరుగు’ అన్నదానికి నేరుగా పేరు చెప్పకండి. ఏది దేనికి భయపడాలో చెప్పండి.

సత్యం లెక్కల్లో ఏం కనిపించేది?

అసలు పరీక్ష లెక్కలే అబద్ధమైనప్పుడు వస్తుంది. దీనికి దూరం వెళ్లక్కర్లేదు, సైబరాబాద్ ఐటీ కథలోనే ఉదాహరణ ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు లేఖ రాశారు. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి కంపెనీ చూపిన ఆదాయం రూ.2,700 కోట్లు, నిర్వహణ లాభం రూ.649 కోట్లు. అసలు ఆదాయం రూ.2,112 కోట్లు, లాభం రూ.61 కోట్లేనని అందులో ఒప్పుకున్నారు. మార్జిన్ 24 శాతం కాదు, 3 శాతం.

రెండు తేడాలూ చూడండి. ఆదాయంలో రూ.588 కోట్లు, లాభంలోనూ రూ.588 కోట్లే. లేని అమ్మకానికి ఖర్చు ఉండదు కాబట్టి అది మొత్తంగా లాభంలోకి దిగింది. మరి ఆ లాభం బ్యాలెన్స్ షీట్‌లో ఎక్కడో కనపడాలి కదా? ఒకవైపు రిజర్వుల రూపంలో ఈక్విటీ పెరిగింది, రెండోవైపు ‘బ్యాంకులో నగదు’ పెరిగింది. పుస్తకాల్లో చూపిన రూ.5,361 కోట్ల నగదులో రూ.5,040 కోట్లు లేనే లేవు.

డ్యూపాంట్ భాషలో దీని అర్థం ఏమిటంటే, మార్జిన్‌ను దొంగతనంగా పెంచినవాడు టర్నోవర్‌లో దొరికిపోయే అవకాశం ఉంది. చిన్న లెక్క చూద్దాం. ఒక కంపెనీ ఆస్తులు 100, అప్పులేదు, అమ్మకాలు 100, చూపిన లాభం 24. ఆర్‌ఓఈ 24 శాతం. ఆ లాభం పంచకుండా ఉంచితే మరుసటి ఏడాది ఆస్తులు, ఈక్విటీ 124 అవుతాయి. అమ్మకాలు, లాభం అంతే ఉంటే టర్నోవర్ 0.81కి, ఆర్‌ఓఈ 19 శాతానికి పడిపోతాయి. పాత 24 శాతం నిలబెట్టాలంటే లాభాన్ని దాదాపు 30గా చూపాలి. ఆపై ఏడాది ఇంకా ఎక్కువ. అందుకే ఇలాంటి అబద్ధం ఒక్క ఏడాదితో ఆగదు.

నిజంగా నగదు ఉన్న కంపెనీకి ఈ బెడద లేదు. టీసీఎస్, ఇన్ఫోసిస్ 2017లో బైబ్యాక్ చేసి వాటాదారులకు వేల కోట్లు తిరిగిచ్చాయి. ఈక్విటీ తగ్గి, ఆర్‌ఓఈకి ఊతం వస్తుంది. లేని నగదును అలా పంచలేరు. 2008 డిసెంబరు 16న సత్యం బోర్డు సుమారు 160 కోట్ల డాలర్లతో మేటాస్ కంపెనీలను కొనడానికి ఆమోదించి, మదుపరుల ఆగ్రహంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. లేని ఆస్తుల స్థానంలో నిజమైన ఆస్తులు పెట్టే చివరి ప్రయత్నం అదేనని రాజు తన లేఖలో రాశారు.

అలాగని డ్యూపాంట్ ఒక్కటే మోసాన్ని పట్టేస్తుందని ఇంటర్వ్యూలో చెప్పకండి. నగదు ఎక్కువ ఉన్న నిజాయతీ గల ఐటీ కంపెనీకీ టర్నోవర్ తక్కువే, లెవరేజ్ ఒకటికి దగ్గరే. ఈ సూత్రం అనుమానం ఎక్కడ పెట్టాలో చూపుతుంది, అంతే. సత్యం చూపిన త్రైమాసిక ఆదాయాన్ని నాలుగుతో గుణిస్తే రూ.10,800 కోట్లు. నగదు ఒక్కటే అందులో సగం. అంత డబ్బు ఎందుకు ఊరికే ఉంది, దానిపై వడ్డీ ఎంత వస్తోంది అని అడగాలి. సత్యంలో వచ్చినట్టు చూపిన వడ్డీలోనూ రూ.376 కోట్లు ఉత్తిదే. కనుక కంపెనీ ఇచ్చిన కాగితాలు చాలవు, ఆడిటర్ నేరుగా బ్యాంకునే అడగాలి. ఆ పని సరిగా చేయలేదనే 2011లో అమెరికా ఎస్‌ఈసీ సత్యం ఆడిటర్లయిన ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థలపై చర్య తీసుకుంది.

ప్రాక్టీసు కోసం ఒకే రంగంలోని రెండు కంపెనీల వార్షిక నివేదికలు తీసుకోండి. ఐదేళ్ల అంకెలతో మూడు నిష్పత్తులనూ పక్కపక్కన రాయండి. బ్యాంకును, సాఫ్ట్‌వేర్ కంపెనీని పోల్చొద్దు. బ్యాంకుకు లెవరేజ్ పది దాటడం మామూలే. ఆస్తులు, ఈక్విటీకి ఏడాది మొదటి, చివరి అంకెల సగటు తీసుకోండి. మార్జిన్ కదలకుండా టర్నోవర్ మాత్రం ఏటా జారుతున్న చోట ఆగి, పెరిగిన ఆస్తి ఏమిటో నోట్స్‌లో వెతకండి.