లాంగ్ టర్మ్ ఏడాదికి వారపు టైమ్‌టేబుల్: పోయినసారి తప్పులే పునాది

నీట్‌లో సీటు రాక లాంగ్ టర్మ్‌కు సిద్ధపడిన పిల్లలు మొదటి రోజు గోడకు అంటించే టైమ్‌టేబుల్ దాదాపు అందరి ఇళ్లలో ఒకేలా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, రాత్రి పదకొండుకు పడుకోవడం, మధ్యలో పద్నాలుగు గంటల చదువు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీలకు సమానంగా సమయం. రెండు వారాలు తిరిగేసరికి అది గోడ మీద మాత్రమే ఉంటుంది. పిల్లల్లో పట్టుదల లేక కాదు. మొదటిసారి రాస్తున్న విద్యార్థికి పనికొచ్చే పట్టికను రెండోసారి రాస్తున్నవారికి తగిలించడం వల్లే ఇలా జరుగుతుంది. రిపీటర్ దగ్గర కొత్తవారి దగ్గర లేనిది ఒకటుంది: పూర్తిగా రాసిన పరీక్ష. టైమ్‌టేబుల్ అక్కడి నుంచి మొదలవ్వాలి.

పరీక్ష తర్వాత ఎన్‌టీఏ ఆన్సర్ కీతో పాటు మనం దిద్దిన ఓఎంఆర్ షీటు స్కాన్ కాపీని కూడా ఆన్‌లైన్‌లో చూపిస్తుంది. ప్రశ్నపత్రం ఎలాగూ ఇంటికి తెచ్చుకుంటాం. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని ఒక పూటంతా కూర్చోవాలి. 2025 పద్ధతి ప్రకారం 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. ఫిజిక్స్, కెమిస్ట్రీల్లో 45 చొప్పున, బయాలజీలో 90 ప్రశ్నలు. ఒప్పుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత.

ఖమ్మంలో ఇంటి దగ్గరే ఉండి చదువుకుంటున్న ఒకమ్మాయి లెక్క ఇలా ఉందనుకుందాం. ఫిజిక్స్‌లో 20 ఒప్పు, 16 తప్పు, 64 మార్కులు. కెమిస్ట్రీలో 26 ఒప్పు, 12 తప్పు, 92 మార్కులు. బయాలజీలో 72 ఒప్పు, 14 తప్పు, 274 మార్కులు. మొత్తం 430. మిగతా ప్రశ్నలు వదిలేసింది.

మొత్తం 42 తప్పులు. ఒక్కో తప్పు పక్కన అది ఎందుకు జరిగిందో రాసుకుంటూ పోతే అవి నాలుగు కుప్పలుగా విడిపోయాయి. 15 ప్రశ్నల్లో పాఠమే రాదు. 11 ప్రశ్నల్లో చదివింది గుర్తు రాలేదు. 9 చోట్ల సూత్రం సరిగ్గానే రాసి, పది ఘాతాల దగ్గరో భాగహారం దగ్గరో జారిపోయింది. మిగిలిన ఏడింటిలో ‘సరికానిది ఏది’ అని అడిగితే సరైనదాన్ని దిద్ది వచ్చింది. నాలుగూ తప్పులే అయినా నాలుగింటికీ మందు వేరు. పాఠం రానప్పుడు పొద్దుటి పూట సుదీర్ఘంగా కూర్చోవాలి. మరిచిపోయినదానికి రాత్రిపూట పునశ్చరణ చాలు. లెక్కల తప్పులకు రోజూ కాసేపు కాలిక్యులేటర్ లేకుండా సాధన కావాలి. తొందరపాటు తప్పులు టెస్టులు రాస్తేనే తగ్గుతాయి, పుస్తకం మళ్లీ చదివితే తగ్గవు.

ఎక్కువమంది రిపీటర్లు దారి తప్పేది ఇక్కడే. బయాలజీలో సగం మార్కులున్నాయి, చదువుతుంటే హాయిగా సాగుతుంది కాబట్టి రోజంతా అందులోనే గడిపేస్తారు. కానీ ఈ అమ్మాయి ఫిజిక్స్‌లో ఒప్పులను 20 నుంచి 30కి పెంచి, తప్పులను ఎనిమిదికి తగ్గించుకుంటే ఆ ఒక్క సబ్జెక్టులోనే 48 మార్కులు పెరుగుతాయి. బయాలజీలో ఇప్పటికే 90కి 72 వచ్చాయి. అక్కడ పట్టు జారకుండా చూసుకుంటూ కొద్దికొద్దిగా పెంచుకోవాలి.

ఇక గంటల సంగతి. పట్టిక గీసే ముందు ఒక వారం పాటు ఏమీ మార్చకుండా, నిజంగా చదివిన సమయాన్ని మాత్రమే చిన్న నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఫోను చూసిన అరగంట, పుస్తకం ముందు కునికిన ఇరవై నిమిషాలు తీసేయాలి. పన్నెండు గంటలు చదువుతున్నామనుకునేవారికి చాలాసార్లు ఏడే తేలుతాయి. ఏడు తేలితే ఎనిమిదికి పట్టిక వేసుకోవాలి, పద్నాలుగుకు కాదు. అది నిలబడ్డాక అరగంట చొప్పున పెంచుకోవచ్చు.

ఈ అమ్మాయికి సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు ఎనిమిది గంటలు ఇలా పెట్టొచ్చు. ఉదయం 6 నుంచి 8.30 దాకా ఫిజిక్స్. అందులో గంట పాఠం, గంటంబావు సమస్యలు, చివరి పావుగంట చేతి లెక్కలు. 10 నుంచి 12 వరకు కెమిస్ట్రీ. మధ్యాహ్నం 2 నుంచి 4.30 దాకా బయాలజీ, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం, వెంటనే ప్రశ్నలు. నీట్ జరిగేది మధ్యాహ్నం 2 నుంచి 5 గంటల మధ్య కాబట్టి భోజనం తర్వాత నిద్ర ముంచుకొచ్చే ఆ సమయంలో బుర్రను పనిచేయించడం అలవాటు కావాలి. రాత్రి 8 నుంచి 9 దాకా తప్పుల పుస్తకం, పాత అధ్యాయాలు. ఒక అధ్యాయం ముగించాక మర్నాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి ఈ గంటలో మళ్లీ కనిపించాలి.

ఇలా చేస్తే ఐదు రోజుల్లో 40 గంటలు. వీటిలో ఫిజిక్స్‌కు పన్నెండున్నర, బయాలజీకీ అంతే, కెమిస్ట్రీకి పది, పునశ్చరణకు ఐదు. ప్రశ్నల సంఖ్య చూస్తే ఫిజిక్స్‌కు ఇది ఎక్కువే. కావాలని ఇచ్చినదే.

శనివారం ఉదయం నాలుగు గంటలు బకాయిలకు వదిలేయాలి, కొత్త పాఠం పెట్టకూడదు. జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లి పడినా, కరెంటు పోయినా మిగిలిపోయిన పని ఇక్కడ తీరుతుంది. ఈ ఖాళీ లేని పట్టికలో ఒక్క రోజు తప్పితే వారమంతా కూలుతుంది. అదే రోజు మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు పూర్తి టెస్టు, ఓఎంఆర్ షీటు మీద పెన్నుతో రాయాలి. ఆదివారం ఉదయం నాలుగు గంటలు ఆ టెస్టులోని తప్పులను నాలుగు కుప్పలుగా విడదీసి, తప్పుల పుస్తకంలో ఎక్కించాలి. ఆదివారం మధ్యాహ్నం నుంచి పూర్తి సెలవు. మొత్తం వారానికి 51 గంటలు. రోజూ ఏడు గంటల నిద్రకు లోటు రాదు.

మరి అన్ని అధ్యాయాలూ మళ్లీ మొదటి నుంచి చదవాలా? అక్కర్లేదు. అధ్యాయం తెరవకముందే దాని మీద ముప్పై ప్రశ్నలు చేసి చూడాలి. ఇరవై ఐదు దాటితే పాఠం వదిలేసి, రాత్రి గంటలో పునశ్చరణకు పంపాలి. పదిహేను కూడా రాకపోతే ఉదయపు వేళకు తీసుకోవాలి. మధ్యలో ఉన్నవాటికి తప్పు పోయిన భాగం ఒక్కటే చదివితే సరిపోతుంది. ఇలా జల్లెడ పట్టకపోతే వచ్చిన పాఠాలనే మళ్లీ వింటూ నవంబరు గడిచిపోతుంది.

హాస్టల్‌లో ఉన్నవారికి రోజు మొత్తం క్యాంపస్ చేతిలోనే ఉంటుంది. వారు స్టడీ అవర్లను మాత్రమే తమవిగా లెక్కేసుకోవాలి. వాటిలో మొదటి వంతు తప్పుల పుస్తకానికి, వారాంతపు టెస్టు మర్నాటి స్టడీ అవర్ మొత్తం ఆ టెస్టు పరిశీలనకు కేటాయించాలి.

పట్టిక పనిచేస్తోందో లేదో మార్కుల్లోనే వెతకకూడదు, ఎందుకంటే పేపరు కష్టాన్ని బట్టి అవి పడిలేస్తాయి. కుప్పలు చూడాలి. ‘పాఠం రాదు’ కుప్ప నెలనెలా తగ్గాలి. తొందరపాటు కుప్ప నెల రోజులైనా తగ్గకపోతే టెస్టు రాసే తీరు మార్చాలి, ప్రశ్నలో ‘కానిది’ కనిపించగానే గీత పెట్టే అలవాటు చేసుకోవాలి. శనివారం నాలుగు గంటలకూ బకాయిలు తీరకుండా మూడు వారాలు వరసగా మిగిలితే పట్టిక బరువెక్కిందని అర్థం. అప్పుడు నిద్ర తగ్గించుకోవద్దు, రోజువారీ పని నుంచి అరగంట తగ్గించండి.

జనవరి దాటాక కొత్త పాఠాల గంటలు తగ్గించి వారానికి రెండు, ఆఖరి నెలలో మూడు పూర్తి టెస్టులు పెట్టుకోవచ్చు. ఎన్ని టెస్టులు పెంచితే వాటి పరిశీలనకు అన్ని పూటలు పెంచాలి. పరిశీలించకుండా రాసిన టెస్టు పోయినసారి తప్పులను ఈసారీ చేయిస్తుంది.