మేకుకు తగిలించకండి

మా తాతగారి జేబు గడియారం పగలంతా బుద్ధిగా నడిచేది, తెల్లారేసరికి మాత్రం నిమిషం పైగా ముందుకు పోయి ఉండేది. 15 రాళ్ళ పాత స్విస్ వాచీ అది. ఆయన పోయాక నా చేతికొచ్చింది. ఆయన లాగే నేనూ రాత్రి లాల్చీ విప్పి, గడియారాన్ని గోడ మేకుకు తగిలించి పడుకునేవాణ్ణి. రెండుసార్లు రిపేరుకిచ్చాను. రెండుసార్లూ "బాగానే ఉంది" అని తిరిగి ఇచ్చారు. చివరికి పాత బజారులో బల్ల వేసుకుని కూర్చునే ఒక పెద్దాయన, వాచీ మూత తీయకుండానే అడిగాడు.

"రాత్రిళ్ళు ఎక్కడ పెడతారండీ?"

"మేకుకు తగిలిస్తాను."

"అదేనండీ రోగం. లోపల చక్రం ఊగుతుంటే బయట వాచీ కూడా ఊగదూ?"

ఆ మాట అర్థం కావాలంటే మూత వెనక ఏం జరుగుతోందో చూడాలి. వాచీకి కీ ఇచ్చినప్పుడు చిన్న డబ్బా లాంటి చక్రంలో చుట్టుకుని ఉన్న ఉక్కు పట్టీ బిగుస్తుంది. అదే మెయిన్ స్ప్రింగు. విప్పి పరిస్తే సుమారు అర మీటరు ఉంటుంది. అది విచ్చుకోవాలని చూస్తూ చక్రాల వరసను తోస్తుంటుంది. ఆ తోపును అలాగే వదిలేస్తే ముళ్ళు గిర్రున తిరిగి క్షణాల్లో కీ అయిపోతుంది. అలా కాకుండా ఒక లివరు ఆ వరసలో చివరి చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున ఆపుతూ వదులుతుంది. ఎప్పుడు వదలాలో లివరుకు చెప్పేది బ్యాలెన్స్ చక్రం. వెంట్రుకంత సన్నని హెయిర్ స్ప్రింగు దాన్ని అటూ ఇటూ తిప్పుతుంటుంది. మనకు వినిపించే టిక్ టిక్ ఆ ఆపడం, వదలడం చేసే చప్పుడే. పాత జేబు గడియారాల్లో ఎక్కువ భాగం సెకనుకు ఐదు టిక్కులు కొడతాయి, అంటే రోజుకు 4,32,000. 1675లో హైగెన్స్ ఈ హెయిర్ స్ప్రింగును వాచీలోకి తెచ్చాకే జేబులో నిమిషాలు చూసుకోవడానికి అర్థం ఏర్పడింది.

బ్యాలెన్స్ చక్రం అటు తిరిగిన ప్రతిసారీ వాచీ ఒంటిని ఇటు నెడుతుంది. బల్ల మీదో జేబులోనో ఉన్నప్పుడు ఆ నెట్టుడు ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. మేకుకు వేలాడే వాచీ మాత్రం తనే ఒక లోలకం. కడియం నుంచి వేలాడే ఆ బరువు ఊగే వేగం, లోపలి చక్రం ఊగే వేగానికి చాలా దగ్గరగా ఉంటుంది. ఉయ్యాలను సరైన క్షణంలో తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది కదా, అలాగే వాచీ కంటికి ఆననంతగా ఊగడం మొదలుపెట్టి, ఆ ఊపుతో చక్రం లెక్కనే మార్చేస్తుంది. ఆ రాత్రి టార్చి వేసి దగ్గరగా చూశాను. గాలి లేని గదిలో వాచీ అంచు సన్నగా వణుకుతోంది. మర్నాటి నుంచి కదలకుండా పట్టుకునే చెక్క స్టాండులో పెట్టాను, ఆ నిమిషం మళ్ళీ కనిపించలేదు.

మేకు సంగతి అలా తేలింది. కానీ కదలకుండా ఉన్నా వాచీ ఏ భంగిమలో ఉందన్నది ముఖ్యమే. డయలు పైకి చూసేలా పడుకోబెట్టినప్పుడు బ్యాలెన్స్ చక్రం ఇరుసు బొంగరంలా తన మొన మీద నిలబడుతుంది, రాపిడి తక్కువ. నిలబెట్టినప్పుడు అదే ఇరుసు పక్కకు ఒరిగి రంధ్రం గోడకు ఆనుతుంది. రాపిడి పెరిగి ఊపు తగ్గుతుంది. దానికి తోడు చక్రంలో ఎక్కడైనా ఆవగింజలో వందో వంతు బరువు ఎక్కువున్నా, నిలబడ్డప్పుడు అది చక్రాన్ని కిందికి లాగుతుంది. అందుకే ఒకే వాచీ పడుకుంటే ఒకలా, నిలబడితే ఇంకొకలా నడుస్తుంది.

అమెరికా రైల్వేలు దీన్ని చాలా గట్టిగా పట్టించుకున్నాయి. 1891 ఏప్రిల్‌లో ఒహాయోలోని కిప్టన్ దగ్గర రెండు రైళ్ళు ఢీకొన్నాయి. ఒక డ్రైవరు వాచీ నాలుగు నిమిషాలు ఆగిపోయి, మళ్ళీ దానంతటదే నడవడమే కారణమని చెబుతారు. తర్వాత ఆ రైలు కంపెనీ వెబ్ బాల్ అనే గడియారాల వ్యాపారిని పిలిచి, సిబ్బంది వాచీల తనిఖీ అప్పగించింది. క్రమంగా స్థిరపడ్డ నియమాల ప్రకారం వాచీ వారానికి 30 సెకన్లకు మించి తేడా చూపకూడదు. వారంలో 6,04,800 సెకన్లుంటాయి గనుక అది ఇరవై వేలలో ఒక వంతు. పైగా ఆ కచ్చితత్వం ఐదు భంగిమల్లో ఉండాలి: డయలు పైకి, డయలు కిందికి, కీ బొడిపె పైకి, ఎడమకు, కుడికి. బొడిపె కిందికి ఉండే ఆరో భంగిమను వదిలేశారు. వాచీని తలకిందులుగా జేబులో వేసుకునేవాడు ఉండడు కదా.

రాళ్ళ ముచ్చట కూడా ఇక్కడే తీర్చేద్దాం, ఎందుకంటే "17 రాళ్ళ వాచీ" అనగానే మన ఇళ్ళల్లో కళ్ళు పెద్దవవుతాయి. అవి అరగకుండా ఇరుసులు తిరగడానికి పెట్టిన కెంపులు. ఇరవయ్యో శతాబ్దం మొదటి నుంచి ఎక్కువగా కృత్రిమంగా తయారైనవే, అమ్మితే టీ ఖర్చులు కూడా రావు. బ్యాలెన్స్ చక్రానికీ లివరుకూ కలిపి ఏడు. లివరు ఇరుసుకూ, పై మూడు చక్రాలకూ రెండేసి చొప్పున మరో ఎనిమిది కలిపితే 15. మధ్య చక్రానికి రెండు చేరిస్తే 17. అంతకు మించిన అంకెలు చూసి ధర పెంచితే నమ్మక్కర్లేదు. 15 రాళ్ళ వాచీ చక్కగా నడుస్తుంది.

మళ్ళీ భంగిమల దగ్గరికి. ఈ లోపాన్నే మనం వాడుకోవచ్చు, అదీ ఏ పనిముట్టూ లేకుండా. పూర్తిగా కీ ఇచ్చి, రాత్రి 9 గంటలకు ఫోను సమయంతో సెకను దాకా సరిచూసి, డయలు పైకి పెట్టి 24 గంటలు వదిలేయండి. తేడా రాసుకోండి. మర్నాడు మళ్ళీ కీ ఇచ్చి, స్టాండులో నిలబెట్టి అలాగే చూడండి. మా వాచీ పడుకుంటే రోజుకు 20 సెకన్లు ముందుకూ, నిలబడితే 10 సెకన్లు వెనక్కూ పోతుంది. నేను రోజుకు 14 గంటలు జేబులో నిలబెట్టి మోస్తాను. దాంట్లో సుమారు 6 సెకన్లు వెనకబడుతుంది. రాత్రి 10 గంటలు డయలు పైకి పడుకోబెడితే 8 సెకన్లు పుంజుకుంటుంది. రోజు మొత్తానికి మిగిలేది రెండు సెకన్ల తేడా! నూరేళ్ళ వయసు దాటిన వాచీకి ఇంకేం కావాలి? రెండు భంగిమల్లోనూ ఒకే వైపు బాగా పోతుంటే అప్పుడు లోపలి సూచికను జరపాలి. దాని పక్కన ఎఫ్, ఎస్ అనో, ఫ్రెంచి పద్ధతిలో ఎ, ఆర్ అనో ఉంటుంది, ఎఫ్ లేదా ఎ వైపు జరిపితే వేగం పెరుగుతుంది. వెంట్రుకంత జరిపినా నిమిషాలు మారతాయి గనుక ఆ పని రిపేరు తెలిసినవాళ్ళకే వదిలేయడం మంచిది.

ఇదంతా నిలవాలంటే వాచీ జేబులో నిటారుగా ఉండాలి. గొలుసు పని ముందుగా అదే, అలంకారం తర్వాత. వెయిస్ట్‌కోటుకు వేసే గొలుసును ఆల్బర్ట్ అంటారు, విక్టోరియా రాణి భర్త పేరు మీద. ఒక చివర కొక్కెం వాచీ కడియానికి, రెండో చివర ఉన్న అడ్డు పుల్ల బొత్తం కాజాలోకి. వెయిస్ట్‌కోటు లేనివాళ్ళకు జీన్సు ముందు జేబులో ఉండే బుల్లి జేబు ఉంది. అది మొదట వాచీ కోసం కుట్టిందే, గొలుసును బెల్టు లూపుకు తగిలిస్తే సరిపోతుంది. లాల్చీ పక్క జేబు మాత్రం పనికిరాదు. లోతుగా ఉంటుంది, వాచీ అందులో దొర్లుతుంది, తాళాలు గీస్తాయి, కూర్చున్నప్పుడు జారి పడుతుంది. పంచె కట్టేవాళ్ళు గాంధీని చూసి నేర్చుకోవచ్చు, ఆయన తన వాచీని నడుముకు తగిలించుకునేవారు. గొలుసు తెగిందని చాలామంది అంటారు గానీ, ఎక్కువసార్లు ఓడిపోయేది కొక్కెం లోపలి చిన్న స్ప్రింగు, లేదా గొలుసు రాపిడికి గాడి పడ్డ కడియం. ఆ రెండింటినీ నెలకోసారి వేలితో లాగి చూడండి.

జేబులో ఫోను ఉంటే వాచీ ఇంకో జేబులో ఉండాలి. స్పీకర్లలోనూ, మూతపడే ఫోను కవర్లలోనూ అయస్కాంతాలుంటాయి. పాత హెయిర్ స్ప్రింగు ఉక్కుది. అయస్కాంతం పట్టిందంటే దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. నిన్నటి దాకా బాగున్న వాచీ ఒక్కసారిగా రోజుకు చాలా నిమిషాలు ముందుకు పరిగెడితే ముందు అనుమానించాల్సింది దీన్నే. రిపేరు షాపులో చిన్న యంత్రంతో క్షణాల్లో అది వదిలిపోతుంది. మూత విప్పించి "సర్వీసింగ్ చేయాలి" అనిపించుకోకుండా ముందు ఆ పని చేయించండి.

సర్వీసింగ్ అవసరం వేరే గుర్తులు చెబుతాయి. నిండా కీ ఇస్తే 30 గంటలకు పైగా నడవాల్సిన వాచీ సాయంత్రానికే ఆగితే, లోపల నూనె జిగురైందని అర్థం. "కీ ఎక్కువ ఇచ్చి పాడు చేశారు" అనే మాట నమ్మకండి. రోజూ ఒకే వేళకు, బొడిపె ఇక తిరగనని గట్టిగా చెప్పే దాకా తిప్పి ఆపేయడమే సరైన పద్ధతి. పట్టు లేకుండా ఎంతసేపైనా తిరిగితే చాలాసార్లు మెయిన్ స్ప్రింగు తెగినట్టే. రోజూ వాడే వాచీని నాలుగైదేళ్ళకోసారి పూర్తిగా విప్పి, కడిగి, నూనె వేయించాలి. పూర్తిగా విప్పుతారా అని ముందే అడగండి. మిషనును విప్పకుండా పెట్రోలులో ముంచి తీసి ఒక చుక్క నూనె వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దాంతో మురికంతా కరిగి రాళ్ళ రంధ్రాల్లోకే చేరుతుంది. నెల రోజులు బ్రహ్మాండంగా నడిచి, తర్వాత ఇరుసులను నమిలేస్తుంది.

మూత ఉన్న వాచీ అయితే టపీమని మూయకండి. బొడిపె నొక్కి పట్టి, మూత దించి, అప్పుడు వదలాలి. లేకపోతే పట్టుకునే అంచు అరిగి, కొన్నాళ్ళకు మూత జేబులోనే తెరుచుకుంటుంది.

మన ఎండలకు చెమట సంగతి చెప్పక తప్పదు. ఈ వాచీలకు నీటి నుంచి రక్షణ లేదు, బొడిపె పక్క సందులోంచే తేమ లోపలికి పోతుంది. హెయిర్ స్ప్రింగు మీద ఒక్క తుప్పు చుక్క పడినా వేగం కుదరదు, దొరికే విడిభాగమూ కాదు. మే నెలలో మా వాచీ ఇల్లు దాటదు. వానాకాలంలో స్టాండు మీద కాకుండా, మందు సీసాల్లో వచ్చే సిలికా పొట్లాలు రెండు వేసిన మూత డబ్బాలో, డయలు పైకి పెట్టి ఉంచుతాను. వెండి వాచీ అయితే ఆ డబ్బాలో రబ్బరు బ్యాండు ఉండకూడదు, దానిలోని గంధకానికి వెండి నల్లబడుతుంది. మేకు ఇప్పటికీ గోడకే ఉంది, దానికి క్యాలెండరు తగిలించాం.