మీకు తెలుసా? సెల్ఫ్ అప్రైజల్‌లో 40 శాతం 25 ఎలా అవుతుందో!

అందరి వాటాలూ కలిపితే నూరు దాటుతుంది

1979లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి ఒక ప్రశ్న వేశారు: ఇంటి పనుల్లో మీ వాటా ఎంత? ఇద్దరు చెప్పిన వాటాలూ కలిపితే చాలా పనుల్లో నూటికి మించింది. గొడవలకు కారణం కావడం లాంటి, ఎవరూ గొప్పగా చెప్పుకోని విషయాల్లోనూ ఇదే ధోరణి కనిపించింది. అంటే ఇది కేవలం గొప్పలకు పోవడం కాదు. మనం చేసిన పని మనకు కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది, పక్కవాళ్లు చేసింది అంతగా గుర్తుండదు.

సెల్ఫ్ అప్రైజల్ ఫారాలు చదివే మేనేజర్ ముందుగా తెలుసుకోవలసింది ఇదే. పెంచి రాసిన ప్రతి వాక్యమూ అబద్ధం కాదు. ఉద్యోగిని అనుమానించకుండానే వాక్యాన్ని తనిఖీ చేయవచ్చు.

శాతం పక్కన ఉండాల్సిన రెండు అంకెలు

ఒక కస్టమర్ సపోర్ట్ టీమ్ లీడ్ తన ఫారంలో ఇలా రాసిందనుకుందాం: ‘ఫిర్యాదుల పరిష్కార సమయాన్ని 40 శాతం తగ్గించాను.’ వినడానికి గట్టి మాటే. కానీ ఎంత నుంచి ఎంతకు, ఏ నెల నుంచి ఏ నెలకు తగ్గిందో అందులో లేదు.

అడిగితే లెక్క చెప్పింది. ఏప్రిల్‌లో ఒక్కో టికెట్‌కు సగటున 10 గంటలు పట్టేది, మార్చిలో 6 గంటలు పట్టింది. లెక్క సరైనదే. అయితే ఆ ఏప్రిల్ మామూలు నెల కాదు, టీమ్ పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారిన నెల. ఎవరికీ చేయి తిరగక పనంతా నెమ్మదించింది. నిరుటి మొత్తం ఏడాది సగటు చూస్తే 8 గంటలే. ఎనిమిది నుంచి ఆరుకు అంటే తగ్గింది 25 శాతం. అదీ మంచి ఫలితమే. అన్నిటికంటే చెడ్డ నెలను మొదటి మెట్టుగా తీసుకోవడం వల్ల 25 కాస్తా 40గా కనిపించింది. పెరిగిన అంకెల్లో నేను ఎక్కువగా అనుమానించేది ఈ మొదటి మెట్టునే. చివరి అంకెను అందరూ సరిచూస్తారు, మొదటిదాన్ని ఎవరూ అడగరు.

తనిఖీ అక్కడితో ఆగకూడదు. సమయం తగ్గినప్పుడు పని నాణ్యత ఏమైందో చూడాలి. టికెట్ మూసేసిన తర్వాత కస్టమర్ ‘నా సమస్య ఇంకా అలాగే ఉంది’ అని మళ్లీ రాస్తే, చాలా టీమ్‌లలో దాన్ని ‘రీఓపెన్’ అంటారు. అది కొత్త టికెట్‌గా నమోదయ్యే చోట గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మన టీమ్ లీడ్ దగ్గర నిరుడు మూసిన ప్రతి 200లో 10 తిరిగి వచ్చేవి. ఈ మార్చిలో 200కు 30 వచ్చాయి. అంటే 5 శాతం 15 అయింది. తొందరగా మూసిన టికెట్లలో కొన్ని నిజానికి పరిష్కారం కానే లేదు.

ఇప్పుడు ఆ ఒక్క వాక్యం ఇలా మారాలి: ‘పరిష్కార సమయం నిరుటి సగటు 8 గంటల నుంచి మార్చిలో 6 గంటలకు తగ్గింది. ఇదే కాలంలో తిరిగి వచ్చిన టికెట్లు 5 శాతం నుంచి 15 శాతానికి పెరిగాయి.’ ఇందులో పొగడ్త లేదు, నింద లేదు. రేటింగ్ మీద మాట్లాడుకోవడానికి ఇద్దరికీ ఒకే నేల దొరికింది.

‘నేను’ అన్న మాటకు రుజువు

తగ్గిన ఆ రెండు గంటల్లో ఆమె వంతు ఎంత? అక్టోబరులో టీమ్‌లోకి ఇద్దరు కొత్తవాళ్లు వచ్చారు. పని పంచుకునే చేతులు పెరిగితే సమయం ఎలాగూ తగ్గుతుంది. అందుకని ‘ఇది నువ్వే చేశావా?’ అని నిలదీస్తే లాభం లేదు, ఎవరైనా అవుననే అంటారు. ‘నువ్వు లేకపోతే ఈ ఏడాది జరగకుండా ఉండిపోయేది ఏది?’ అని అడిగితే జవాబు వేరేలా వస్తుంది. తరచూ వచ్చే సమస్యలకు 30 సిద్ధ సమాధానాలు తానే రాశానని ఆమె చెప్పింది. ఆ ఫైల్ చరిత్ర తెరిస్తే ఎవరు, ఏ తేదీన రాశారో కనిపిస్తుంది. రుజువంటే ఇదీ. ‘కస్టమర్లు మెచ్చుకున్నారు’ అన్నది రుజువు కాదు, మెచ్చుకున్న ఆ ఈ-మెయిల్ రుజువు.

రుజువు వెతుకుతూ వెళ్తే ఫారంలో లేని మంచి కూడా బయటపడుతుంది. జూలైలో పక్క టీమ్‌లో మనుషులు తక్కువైనప్పుడు మూడు వారాలు వాళ్ల పని కూడా ఆమే చూసింది. ఆ సంగతి తనే మరిచిపోయింది. మార్చి ముగిశాక కూర్చుని రాసే ఫారంలో ఫిబ్రవరి, మార్చి నెలలే నిండిపోతాయి, జూలై జారిపోతుంది. మేనేజర్ ఆ పనిని తన వ్యాఖ్యలో చేర్చి తీరాలి. తగ్గించడమే తప్ప చేర్చడం తెలియని సమీక్షను ఏ ఉద్యోగీ రెండోసారి నమ్మడు.

సర్కారు ఫారంలో సమీక్షకుడికీ జవాబుదారీ ఉంది

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వార్షిక పనితీరు నివేదికను ‘అపార్’ అంటారు. అందులో ఉద్యోగి రాసుకున్న స్వీయ అంచనాతో పై అధికారి ఏకీభవిస్తున్నారో లేదో స్పష్టంగా రాయాలి. 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, పూర్తి నివేదికను ఉద్యోగికి చూపించే పద్ధతి 2009లో వచ్చింది. అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజులు గడువు ఉంటుంది. అందువల్ల ‘ఏకీభవించను’ అని ఊరికే రాస్తే నిలవదు, ఎందుకో రాయాలి. ప్రైవేటు కంపెనీల్లో ఈ నియమం లేకపోయినా మేనేజర్లు దీన్ని అలవాటు చేసుకుంటే మంచిదని నా అభిప్రాయం.

వచ్చే ఏడాది లక్ష్యం: ‘శాయశక్తులా’ అన్నది లక్ష్యం కాదు

‘శక్తివంచన లేకుండా పనిచేయండి’ అని చెప్పినవారి కంటే, స్పష్టమైన కష్టమైన లక్ష్యం అందుకున్నవారు ఎక్కువ సాధిస్తారని అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్విన్ లాక్ 1968లోనే వాదించారు. తర్వాత జరిగిన ఎన్నో ప్రయోగాలు దాన్ని బలపరిచాయి. ఒక షరతు ఉంది: ఆ మనిషి లక్ష్యాన్ని మనసారా ఒప్పుకోవాలి.

మన టీమ్ లీడ్ రాసిన లక్ష్యం ఇది: ‘కస్టమర్ సంతృప్తిని మరింత మెరుగుపరుస్తాను.’ ఏడాది చివర ఇది నెరవేరిందని ఆమె అనవచ్చు, లేదని మేనేజర్ అనవచ్చు. ఎవరూ తప్పు కాదు. అసలు చిక్కు అదే.

ఇద్దరూ కూర్చుని దాన్ని ఇలా తిరిగి రాశారనుకుందాం: ‘తిరిగి వచ్చే టికెట్లను సెప్టెంబరు 30కల్లా 15 శాతం నుంచి 7 శాతానికి తగ్గించాలి. ఆ క్రమంలో సగటు పరిష్కార సమయం ఆరున్నర గంటలు దాటకూడదు. లెక్క నెలవారీ టికెట్ రిపోర్టు నుంచే తీసుకోవాలి.’ రెండో షరతు లేకుండా మొదటిది ఒక్కటే పెడితే ఏమవుతుంది? తిరిగి వస్తాయేమోనన్న భయంతో టికెట్లు మూయడమే మానేస్తారు. ఒక అంకెకు కాపలాగా ఇంకో అంకె ఉండాలని ఈ ఏడాది అనుభవమే చెప్పింది కదా.

మీరు మేనేజర్ అయితే, మీ టీమ్ ఫారాల్లో శాతం గుర్తు ఉన్న ప్రతి వాక్యం పక్కన ‘ఎంత నుంచి? ఏ నెల నుంచి?’ అని పెన్సిల్‌తో రాయండి. మీరు ఫారం నింపేవారైతే, ఆ రెండు ప్రశ్నలకూ జవాబు మీరే ముందుగా రాసి పంపండి.